కిక్‌ఆఫ్ మెయిల్: వినకూడని నాలుగు సలహాలు

పెళ్లి ఆర్డర్ మొదలుపెట్టే రోజున అందరికీ వెళ్లే మొదటి మెయిల్ గురించి నాకు చాలామంది సలహాలిచ్చారు. లాడ్ బజార్‌లో లక్క గాజులు చేయించి బయటిదేశాలకు పంపే పనిలో వాటిలో ఈ నాలుగూ నన్ను ముంచాయి. మీరు వినకండి.

1. "ఏం కావాలో ఒక్క ముక్కలో రాస్తే చాలు."

డల్లాస్ పెళ్లికి "150 సెట్లు, సైజు 2.6" అని రాశాను. బజారులో 2.6 అంటే రెండు ఆరు: రెండు అంగుళాల మీద అంగుళంలో పదహారో వంతులు ఆరు. లోపలి కొలత సుమారు 60 మిల్లీమీటర్లు. పెళ్లివారు మాత్రం స్కేలుతో కొలిచి దశాంశంలో 2.6 అంగుళాలు చెప్పారు. అంటే 66 మిల్లీమీటర్లు, బజారు లెక్కలో రెండు పదికి దగ్గర. వచ్చిన గాజులు చేతికి ఎక్కలేదు. ఇప్పుడు "లోపలి కొలత 66 మి.మీ., బజారు సైజు 2.10" అని రెండూ రాస్తాను.

2. "అందరం కలిసి చూసుకుందాం అనండి."

అలా అంటే తల్లి మెరూన్ అంటుంది, అక్క ఎరుపు అంటుంది, కార్ఖానా ఆగిపోతుంది. ఒక్కో పనికి ఒక్కరి పేరే రాయండి. రంగు ఖాయం చేసేది పెళ్లికూతురి అక్క. కార్ఖానాతో మాట్లాడేది దుకాణం యజమాని. లెక్కపెట్టి తీసుకునేది నేను.

3. "ఆఖరి తేదీ ఒక్కటి చాలు."

రంగు లక్క కరిగించేటప్పుడే కలుస్తుంది. రాళ్లు అద్దాక రంగు బాగాలేదంటే మళ్లీ మొదటి నుంచి చేయాల్సిందే. అందుకే ఫిబ్రవరి 21 పెళ్లికి ఇలా రాస్తాను: జనవరి 8న ఒక నమూనా సెట్టు, 10న రంగుకు సరే, 24కి సగం సెట్లు, ఫిబ్రవరి 3న లెక్క, 6న పార్సిల్. దాని కిందే ఇంకో వాక్యం: "10న సరే రాకపోతే, ఎన్ని రోజులు ఆలస్యమైతే పార్సిల్ కూడా అన్ని రోజులు ఆలస్యమవుతుంది."

4. "వాట్సాప్ గ్రూప్ ఉందిగా, ఎలా మాట్లాడుకోవాలో రాయడమెందుకు?"

గ్రూపులో వంద ఫొటోల మధ్య "ఇంకో పది సెట్లు" అన్న మాట పోతుంది. నేను రాసే పద్ధతి ఇది: ఫొటోలు, కబుర్లు వాట్సాప్‌లో; సంఖ్య, సైజు, రంగు, తేదీ మారితే ఈ మెయిల్‌కే జవాబు. ప్రతి శనివారం రాత్రి 8కి ఫోన్. అప్పుడు డల్లాస్‌లో ఉదయం 8.30.

గాజు చేసే మనిషి మెయిల్ చూడకపోవచ్చు. కాబట్టి యజమాని ఆయనకు ఉర్దూలో చదివి వినిపించాలని కూడా అందులోనే రాస్తాను. ఆయనకు అర్థమైందో లేదో తెలియడానికి నేను అడిగేది ఒక్కటే: మొదటి గాజును స్కేలు మీద పెట్టి తీసిన ఫొటో. అది 66 చూపించాకే మిగతా లక్క పొయ్యి ఎక్కుతుంది.