మా ఇంట్లో బాగానే ఉండె!

మైదుకూరు రకం పసుపు గురించి ప్రొద్దుటూరులో రైతుల ముందర ఇరవై స్లైడ్లతో మాట్లాడాల్సి వచ్చింది. దువ్వూరులో మా ఇంట్లో ల్యాప్‌టాప్ మీద నాలుగుసార్లు ఆడించి చూసుకున్నా. నాలుగుసార్లూ బంగారమే. పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని బస్సెక్కినా.

హాల్లో కంప్యూటర్ వాళ్లది. మొదటి స్లైడులో తెలుగే లేదు. నెత్తిన చుక్కలు, కొమ్ములు మొలిచిన ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరి నిలబడినాయి. "ఏం సార్, ఫ్రెంచిలో చెప్తారా?" అన్నాడు మౌస్ పట్టుకున్న పిల్లోడు. ఆ స్లైడు అను ఫాంటులో కొట్టినా. ఆ ఫాంటు లేని మిషన్‌కు అది తెలుగని తెలీదు. యూనికోడ్‌లో కొట్టినవి మాత్రం వేరే తెలుగు ఫాంటులోనైనా కనబడి నన్ను బతికించినాయి.

ఇంక గండం గడిచిందనుకున్నానా, ఆరో స్లైడులో పెద్దక్షరాలతో: "ఎకరాకు వేయాల్సిన పరువు". ముందు వరసలో పెద్దాయన లేచినాడు. "ఎంత పరువు పోతాది సామీ? మాది ఇప్పటికే అప్పుల్లో శానా పోయింది." ఎరువు పరువైంది. పరువూ మంచి మాటే కాబట్టి ఏ స్పెల్‌చెక్కూ దాని కింద ఎర్రగీత గీయదు. నిజానికి ఆ తప్పు నేను ముందురోజే దిద్దినా. దిద్దింది `final2`లో, తెచ్చింది `final`.

పసుపు ఉడకబెట్టే వీడియో చోట నల్లటి పలక మిగిలింది. నేను దాన్ని ఫైల్లో పెట్టలేదు, `Link to File` అని దారి మాత్రమే చూపించినా. ఆ దారి మా ఇంటి `D:` డ్రైవ్‌లో ఉంది. ధరల లింకు నొక్కితే అనుమతి అడిగింది. "ఏడో స్లైడు ఇంకోసారి చూపించు నాయనా" అన్నారెవరో. ఆరు తర్వాత ఎనిమిదే ఉంది. దాచిపెట్టిన స్లైడు తెరమీద కనబడదు గానీ తన నంబరు మాత్రం వదులుకోదు.

ఇప్పుడు పోయే ముందురోజు ఇవి చూసుకుంటా. `File > Options > Save`లో `Embed fonts in the file` టిక్కు పెడతా. కొన్ని ఫాంట్లు లైసెన్సు ఒప్పుకోక లోపలికి రావు కాబట్టి పక్కనే ఒక పీడీఎఫ్ ఉంచుకుంటా. దాంట్లో వీడియో ఆడదు, అక్షరాలు మాత్రం చెదరవు. వీడియోను ఫైల్లోకే ఎక్కిస్తా. లింకులు నా ఖాతా లేని ఫోన్లో నొక్కుతా. దాచిన స్లైడ్లు తీసేసి నంబర్లు వరసగా ఉన్నాయా చూస్తా. తప్పుల కోసం మా ఆవిడతో పైకి చదివిస్తా. "పరువు" దగ్గర ఆమె తప్పకుండా ఆగుతుంది. పేర్లో `final` మానేసి తేదీ వేస్తా, `pasupu_2024-06-14.pptx` అని. పెన్‌డ్రైవ్‌లో అదీ, దాని పీడీఎఫ్ మాత్రమే ఉంచుతా.

చివరగా పెన్‌డ్రైవ్ తీసుకుని పక్కింటికి పోతా. మా ఇంట్లో ఎట్లా ఆడినా నాకు లెక్కలేదు. పక్కింట్లో ఆడితేనే బస్సెక్కుతా.