కాగితం లేదు గానీ సారాంశం చెప్పండి

వకీళ్లకు, దస్తావేజు లేఖరులకు దివ్యదృష్టి ఉంటుందని మన జనానికి గట్టి నమ్మకం. లేకపోతే ఇలాంటి ఫోన్లు ఎందుకొస్తాయి?

"సార్, మా నాన్న ఇల్లు తమ్ముడికి రాసిచ్చేశాడు. రిజిస్టరు కూడా అయిపోయింది. నాలుగు పేజీల కాగితం. సారాంశం ఏమిటో రెండు ముక్కల్లో చెప్పేయండి."

"కాగితం ఒకసారి పంపించండి."

"అది తమ్ముడి బీరువాలో ఉంది సార్. అయినా నేను చూశాను కదా, చెబుతున్నాను కదా!"

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఆయన చెప్పడం మాత్రం తక్కువేమీ చెప్పడు. స్టాంపు కాగితం అంచు నలిగిందంటాడు. నాన్న వేలిముద్ర కాస్త అలికినట్టుందంటాడు. సాక్షుల్లో ఒకడు తమ్ముడి బావమరిది అని మూడుసార్లు చెబుతాడు, ఆ మూడోసారికి గొంతు కూడా పెంచుతాడు. కాగితం గురించి అన్నీ చెప్పి, కాగితంలో ఏముందో ఒక్కటే వదిలేస్తాడు. పైగా మనం ఆలోచిస్తుంటే "మీకు అనుభవం ఉంది కదా సార్" అని ఓ మాట. అనుభవం ఉంటే చదవడం వస్తుంది గానీ, చదవకుండానే తెలిసిపోవడం ఎలా వస్తుంది?

ఇంతకీ ఆయన వర్ణించిన కాగితం ఏమిటి? నాలుగు పేజీలు, వేలిముద్రలు, ఇద్దరు సాక్షులు, రిజిస్ట్రేషను. ఇదంతా గిఫ్టు సెటిల్‌మెంటు దస్తావేజుకూ సరిపోతుంది, రిజిస్టరు చేయించిన వీలునామాకూ సరిపోతుంది. రెంటికీ చట్టం కనీసం ఇద్దరు సాక్షులను అడుగుతుంది. సెటిల్‌మెంటుకు రిజిస్ట్రేషను తప్పనిసరి. వీలునామాకు అక్కర్లేదు గానీ, చేయించుకుంటే కాదనేవాడు లేడు. "రాసిచ్చేశాడు" అన్న మాట ఊళ్లో రెంటికీ ఒకటే. ఫలితాలకు మాత్రం నక్కకూ నాకలోకానికీ ఉన్నంత తేడా. వీలునామా అయితే తండ్రి బతికున్నంత కాలం ఇల్లు ఆయనదే. రేపు పొద్దున మనసు మారితే చింపేసి ఇంకోటి రాసుకోవచ్చు. సెటిల్‌మెంటు అయితే, కొడుకు దాన్ని స్వీకరించాక, ఇల్లు ఆయన చేయి దాటినట్టే. మోసమో బలవంతమో కోర్టులో రుజువు చేసుకుంటే తప్ప, "నాకు ఇప్పుడు ఇష్టం లేదు" అంటే వెనక్కి రాదు.

"తేల్చుకోవడం తేలికే సార్, నాన్న ఇంకా ఆ ఇంట్లోనే ఉన్నాడు, అద్దె కూడా ఆయనే తీసుకుంటున్నాడు. అంటే వీలునామాయే కదా!" అంటాడు మనవాడు. సరిగ్గా ఇక్కడే బోల్తా పడతాడు. ఈ రెండు రకాల రాతలు చూడండి.

ఒక దాంట్లో ఇలా ఉంటుంది: షెడ్యూలు ఇంటిపై సర్వహక్కులు ఈ రోజే నీకు సంక్రమింపజేశాను, నా జీవితకాలం అందులో ఉండి అద్దెలు అనుభవించే హక్కు మాత్రం నాకు ఉంచుకున్నాను. ఇంకోదాంట్లో ఇలా: నా జీవితకాలమంతా ఈ ఇంటికి నేనే హక్కుదారుని, నా తదనంతరం నీవు సర్వహక్కులతో అనుభవించవలెను.

రెండింట్లోనూ ముసలాయన చివరిదాకా అదే అరుగు మీద కూర్చుంటాడు, అదే అద్దె లెక్కపెట్టుకుంటాడు. బయటినుంచి చూసేవాడికి ఏ తేడా కనబడదు. మొదటి రాతలో మాత్రం ఇల్లు ఆ రోజే కొడుకు పేరు మీదికి వెళ్లిపోయింది. రెండో రాతలో ఇంకా ఎక్కడికీ పోలేదు. పై భాగంలో లావు అక్షరాలతో ఏ పేరు పెట్టారన్నది కూడా చివరి మాట కాదు. హక్కు ఎప్పుడు బదిలీ అవుతుందని లోపల రాశారో దాన్నే కోర్టు చూస్తుంది.

ఇది నా చాదస్తమనుకునేవారికి ఒక కేసు చెబుతాను. మన ఆంధ్రప్రదేశ్ నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లిన రేణికుంట్ల రాజమ్మ కేసు, 2014లో తీర్పు వచ్చింది. ఆమె రిజిస్టరు గిఫ్టు రాసి, బతికున్నన్నాళ్లు ఆస్తి అనుభవం, అద్దెలు తనకే ఉంచుకుంది. తర్వాత రద్దు చేసుకుంది. స్వాధీనం ఇవ్వకుండా అట్టిపెట్టుకున్నంత మాత్రాన గిఫ్టు చెల్లకుండా పోదని, ఆ రద్దు చెల్లదని కోర్టు తేల్చింది. అద్దె ఎవరు తీసుకుంటున్నారో చూసి కాగితం సారాంశం చెప్పేవాళ్లు ఈ తీర్పు ముందు నోరు మూసుకోవాలి.

ఇంకో వాక్యం కూడా ఉంది, వర్ణనల్లో ఎప్పుడూ జారిపోయేది. వృద్ధుల సంరక్షణకని 2007లో వచ్చిన చట్టంలో 23వ సెక్షను ప్రకారం, తిండి, వసతి, బాగోగులు చూడాలన్న షరతుతో ఆస్తి ఇస్తే, పుచ్చుకున్నవాడు చూడకపోతే ఆ బదిలీ రద్దు చేయమని పెద్దవాళ్లు ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అందుకని మూడో పేజీలో ఎక్కడో "నన్ను పోషించవలెను" అన్న మాట ఉందా, లేదా అన్నది ముసలాయనకు ప్రాణంతో సమానం. అది మనవాడి కంట్లో పడలేదు. సాక్షి బావమరిదిని చూడ్డంలోనే ఆయన చూపంతా ఖర్చయిపోయింది.

అడిగేవాడిది అమాయకత్వం అనుకుందాం. అడగ్గానే చెప్పేసేవాడిదేమిటి? ప్రతి ఊళ్లోనూ ఒక రిటైర్డు ఉద్యోగి ఉంటాడు, కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే "ఓస్, అది వీలునామాయే, నాన్నగారి చేత రద్దు చేయించెయ్యండి" అని తీర్పిచ్చేస్తాడు. ఆ సలహాతో రద్దు దస్తావేజు రాయిస్తారు, ఖర్చు పెడతారు, ఇక ఇల్లు దక్కిందని నిశ్చింతగా ఉంటారు. ఒకవేళ నిజంగానే ముసలాయన్ని మోసగించి సంతకం తీసుకుని ఉంటే, విషయం తెలిసిన నాటినుంచి 3 ఏళ్లలోపు ఆయన కోర్టుకు వెళ్లాలి. ఆ 3 ఏళ్లు కాఫీ గ్లాసు తీర్పు మీద నమ్మకంతోనే గడిచిపోతాయి.

"కాగితం తమ్ముడి బీరువాలో ఉంది" అన్నది కూడా సగం సాకే. అది సెటిల్‌మెంటు అయితే సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో 1వ పుస్తకంలో ఉంటుంది, ఈసీలో కనబడుతుంది. 1వ పుస్తకంలో ఉన్నదాని సర్టిఫైడ్ కాపీ రుసుము కట్టి ఎవరైనా తీసుకోవచ్చు, తమ్ముడి దయ అక్కర్లేదు. వీలునామా అయితే 3వ పుస్తకంలోకి వెళుతుంది, ఈసీలో రాదు, తండ్రి బతికుండగా దాని కాపీ ఆయనకో, ఆయన నియమించిన ఏజెంటుకో తప్ప ఇవ్వరు. అంటే ఒక్క ఈసీ తీయించినా సగం దారి తేలుతుంది. మిగతా సగానికి మాత్రం కాపీ తెచ్చి, మొదటి పేజీ ఫొటో కాకుండా వెనకవైపు ఎండార్సుమెంట్లతో సహా అన్ని పేజీలూ ముందు పెట్టాల్సిందే.

అంతదాకా ఆగలేను, ఇప్పుడే సారాంశం కావాలి అంటారా? సరే, మీరు ఇంతసేపు ఫోనులో వినిపించినదానికి సారాంశం చెబుతాను: ఇల్లు తమ్ముడికి పోతోందని మీకు కడుపుమంటగా ఉంది. దానికి రిజిస్ట్రేషనూ అక్కర్లేదు, ఇద్దరు సాక్షులూ అక్కర్లేదు.