ముఖం గుర్తుంటే పక్కన పెట్టండి: సినిమా వెతుకులాటకు తలకిందుల సలహాలు

పేరు గుర్తురాని సినిమా కోసం వెతికేవాళ్లు మామూలుగా మూడు పనులు చేస్తారు. గుర్తున్న నటుడి సినిమాల జాబితా పైనుంచి కిందకు తిరగేస్తారు. కథంతా చెప్పి కనబడిన వాళ్లందరినీ అడుగుతారు. ఎవరైనా ఒక పేరు చెప్పగానే అదేనని నమ్మేస్తారు. మన తిరుపతి, చిత్తూరు వైపు ఈ మూడూ దారి తప్పిస్తాయి. నా సలహాలు వీటికి సరిగ్గా ఎదురుగా ఉంటాయి. వినగానే తప్పుడు సలహాలనిపిస్తాయి. అయినా ఒకసారి చేసి చూడండి.

ఇక్కడి చిక్కు ఏమిటో ముందు చెబుతాను. నగరి, పుత్తూరు, సత్యవేడు, కుప్పం వైపు ఇంట్లో తెలుగు, అంగట్లో తమిళం మాట్లాడేవాళ్లు, దానికి తిరగేసి మాట్లాడేవాళ్లు కొల్లలు. తమిళ సినిమాను తమిళంలోనే చూసినవాళ్లున్నారు, డబ్బింగ్‌లో చూసినవాళ్లున్నారు, అదే కథను తెలుగులో మళ్లీ తీస్తే చూసినవాళ్లూ ఉన్నారు. నలభై ఏళ్లు గడిచాక మాటలన్నీ ఇంటి భాషలోకి మారిపోతాయి. కాబట్టి “అది తెలుగు సినిమానే, నాకు బాగా గుర్తు” అని ఎవరన్నా ఆ మాటను సాక్ష్యంగా తీసుకోకండి.

చిత్తూరులో మా చిన్నమ్మ అడిగిన సినిమా తీసుకుందాం. “కమలహాసన్ చేతిలో బొమ్మను పెట్టుకోని దాంతో మాట్లాడిస్తా ఉంటాడు నాయనా. ఆ పిల్ల మొగుడు మహా దుర్మార్గుడు. ఏం సినిమానో చెప్పు” అంది. దృశ్యం ఒకటి, ముఖం ఒకటి, కథ కొంచెం. వెతకడానికి ఇంతే సరంజామా.

మొదటి సలహా: బాగా గుర్తున్న ముఖాన్ని పక్కన పెట్టి, గుర్తులేని ముఖం గురించి అడగండి. ఆ బొమ్మ ఉన్న సినిమాలు రెండున్నాయి. కె. బాలచందర్ 1977లో తమిళంలో ‘అవర్గళ్’ తీశారు. అదే కథను 1979లో తెలుగులో ‘ఇది కథ కాదు’గా తీశారు. బొమ్మను మాట్లాడించే పాత్ర రెండింటిలోనూ కమలహాసనే వేశారు. రెండింటిలోనూ ఆ బొమ్మ పేరు జూనియరే. అంటే చిన్నమ్మకు ఎంతో స్పష్టంగా గుర్తున్న ముఖం, ఏ సినిమా అన్నది తేల్చడానికి ఎందుకూ పనికిరాదు. తేల్చేది పక్క ముఖాలు. తమిళంలో కథానాయిక సుజాత, తెలుగులో జయసుధ. తమిళంలో మొగుడు రజనీకాంత్, తెలుగులో చిరంజీవి. నాయిక ప్రేమించిన మనిషిగా తమిళంలో రవికుమార్, తెలుగులో శరత్‌బాబు వేశారు. మళ్లీ తీసినప్పుడు ముఖ్యుడైన ఒకరిని ఉంచుకుని మిగతావాళ్లను మార్చడం అప్పట్లో మామూలే. ఆ ముఖ్యుడే మనకు గుర్తుండిపోతాడు. చిక్కంతా అక్కడే.

రెండో సలహా: కథ చెప్పకండి, వస్తువు చెప్పండి. మొగుడు వేధించడం, విడాకులు, అతను మారినట్టు నటిస్తూ తిరిగిరావడం అని చెబితే వినేవాళ్లు పది సినిమాల పేర్లు చెబుతారు. ఒక్కోటీ నిజమే అనిపిస్తుంది. ‘మాట్లాడే బొమ్మ’ అంటే ఆ పది రాలిపోతాయి. కథలు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. చేతిలోని బొమ్మ, వేణువు, విరిగిన కుర్చీ లాంటివి అంత తేలిగ్గా కలవవు. అందుకే అడగబోయే ముందు గుర్తున్న వస్తువులనూ, చోట్లనూ కాగితం మీద రాసిపెట్టుకోండి. ఎవరైనా ఒక పేరు చెప్పిన క్షణం నుంచి, గుర్తున్నదంతా ఆ సినిమాకు తగ్గట్టు సర్దుకోవడం మొదలుపెడుతుంది. ఆ తర్వాత రాసినదానికి విలువ లేదు.

ఇదే కారణంగా అడిగేవాళ్లు కూడా పేర్లు అందించకూడదు. “మొగుడు చిరంజీవా?” అని అడిగి ఉంటే చిన్నమ్మ అవునని ఉండేది. రజనీకాంతా అన్నా అవుననే ఉండేది. “మొగుడెవరు?” అని మాత్రం అడిగి ఊరుకున్నాను. “వాడి మొహం తలుచుకుంటేనే ఒళ్లు మండతాది. చిరంజీవి గదా! అంత మంచోడు అట్లాంటి వేషం ఎందుకేసినాడో అనుకున్న్యాం” అంది. పెద్ద హీరో కాకముందు చిరంజీవి అలాంటి పాత్రలు వేశారు. ఆ ఆశ్చర్యం ఒకరు అందిస్తే పుట్టేది కాదు.

మూడో సలహా: సినిమా ఏ సంవత్సరంలో వచ్చిందని అడగకండి, చూసినప్పుడు ఇంట్లో ఏం జరుగుతోందో అడగండి. సంవత్సరాలు ఎవరికీ గుర్తుండవు, చంకలో బిడ్డ గుర్తుంటుంది. పెద్దబ్బాయి చంకలో ఉన్నాడంది చిన్నమ్మ. వాడు పుట్టింది 1978లో. 1977 నాటి తమిళ సినిమా అప్పటికి విడుదలై ఉంది కాబట్టి ఈ లెక్క దాన్ని కొట్టెయ్యదు, తెలుగుదానికి అడ్డం కూడా రాదు. అదే ఆమె “నా పెళ్లికి ముందు చూసినాను” అని ఉంటే, పెళ్లి 1978కి ముందే జరిగి ఉంటే, 1979 నాటి తెలుగు సినిమా అక్కడికక్కడే పక్కకు పోయేది. ఇంటి సంగతులు సినిమాను పట్టించవు కానీ, కాని సినిమాను తప్పించడంలో వాటికి సాటి లేదు.

రంగు గురించి ఎంత గట్టిగా చెప్పినా నమ్మకండి. తాను రంగుల్లోనే చూశానని చిన్నమ్మ ఒట్టు పెట్టుకుంది. ఆ రెండు సినిమాలూ బ్లాక్ అండ్ వైట్‌లో తీసినవే. పట్టుచీర కట్టిన మనిషికి రంగు మనసే వేసేసుకుంటుంది.

చివరిది, యూట్యూబులో ముక్క దొరికాక చేసే పరీక్ష. వీధిలో తమిళ బోర్డు కనబడితే తమిళ సినిమా అని తేల్చేస్తారు. అలా తేల్చకండి. ఆ రోజుల్లో తెలుగు సినిమాల్లో చాలావాటిని మద్రాసులోనే తీసేవారు, కాబట్టి నేరుగా తెలుగులో తీసినవాటిలోనూ తమిళ బోర్డులు కనబడతాయి. పెదవులు చూడండి. ప, బ, మ పలికినప్పుడు పెదవులు మూసుకోవాలి. తెలుగు మాటలో ‘అమ్మ’ వినబడుతూ నోరు తెరిచే ఉంటే, అదీ మళ్లీమళ్లీ జరుగుతుంటే అది డబ్బింగ్. ఉత్తరాన్ని దగ్గరగా చూపించినప్పుడు తమిళ అక్షరాలుండి, తెలుగు గొంతు చదివితే ఇక సందేహమే లేదు. సినిమా మొదట్లోని సెన్సారు సర్టిఫికెట్ కత్తిరించకుండా ఉంటే ఇంకా మంచిది, అందులో భాష రాసి ఉంటుంది.

డబ్బింగయితే ముఖాల సలహా పనిచేయదు. ‘వసంత కోకిల’లో కమలహాసన్, శ్రీదేవి సహా ప్రతి ముఖమూ 1982 నాటి తమిళ ‘మూండ్రామ్ పిరై’లోనిదే. చూసినది ఏదో చెప్పాలంటే పెదవులు, గొంతులు మాత్రమే ఆధారం. రెండు భాషల్లోనూ ఒకేసారి తీసినవాటితో మరీ కష్టం. 1979లో బాలచందరే తీసిన ‘అందమైన అనుభవం’, దాని తమిళ జంట ‘నినైత్తాలే ఇనిక్కుమ్’ రెండింటిలోనూ కమలహాసన్, రజనీకాంత్, జయప్రద ఉన్నారు, పెదవులు కూడా రెండింటిలోనూ కలుస్తాయి. అలాంటప్పుడు రెండు ముక్కలూ ఒకదాని తర్వాత ఒకటి చూపించి, చూసినవాళ్లను పాట దగ్గర ఆపి అడగడమొక్కటే దారి. రెండు సాహిత్యాల్లో ఏదో ఒకటి వాళ్ల నోటికి దానంతటదే వస్తుంది.