చావుకు గడి ఉంది, చదువుకు లేదు

మన ప్రైవేటు కంపెనీల సెలవుల పోర్టల్ ఎప్పుడైనా తెరిచి చూశారా? సెలవు ఎందుకో చెప్పమంటూ ఒక జాబితా కిందికి జారుతుంది. జ్వరమొస్తే ఒక గడి, సొంత పని పడితే ఒక గడి, బిడ్డ పుడితే ఒక గడి, ఇంట్లో ఎవరైనా పోతే ఒక గడి. పరీక్షకు చదువుకోవాలంటే మాత్రం గడి ఉండదు. ఆ పరీక్ష పెట్టింది సాక్షాత్తూ ఆ కంపెనీయే అయినా ఉండదు.

చంపాపేటలో మా వీధి చివరింటి అబ్బాయి అలాంటి కంపెనీలోనే పనిచేస్తాడు. అబ్బాయి పేరూ కంపెనీ పేరూ అడగొద్దు, ఇద్దరికీ మంచిది కాదు. హైటెక్ సిటీ వైపు ఒక అద్దాల మేడ. అమెరికా వాళ్ల బీమా కాగితాల్ని రాత్రిపూట అక్కడ సరిచూస్తారు. సాయంత్రం ఆటోలో దిల్‌సుఖ్‌నగర్ చేరి, మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారి వెళతాడు. ఆరున్నరకు షిఫ్టు మొదలైతే తెల్లవారుజామున మూడున్నరకు వదులుతారు. క్యాబ్ నలుగురినీ దించుకుంటూ సాగర్ రోడ్డుకొచ్చేసరికి అయిదవుతుంది.

టీమ్ లీడ్ పదవి ఖాళీ అయింది. పని తెలిసినవాడు ఇతనే. పాత లీడ్ సెలవు పెట్టిన రోజుల్లో అమెరికా క్లయింట్‌తో ఫోన్లో మాట్లాడి గొడవలు సర్దిందీ ఇతనే. అయినా ఇంగ్లిష్ మాట్లాడే పరీక్షలో 58 రావాలన్నారు. కిందటిసారి 54 వచ్చింది. అమెరికావాడితో మాట్లాడటానికి సరిపోయిన ఇంగ్లిష్, పక్క కుర్చీలోకి జరగడానికి సరిపోలేదన్నమాట.

శనివారం పొద్దున పది గంటలకు పరీక్ష. "ముందు రెండ్రోజులు సెలవడుగుదామని అంకుల్, జర ఈ మెసేజ్ చూడుండ్రి" అని ఫోన్ నా చేతికిచ్చాడు. చూశాను. "రెస్పెక్టెడ్ సర్, విత్ డ్యూ రెస్పెక్ట్ అండ్ హంబుల్ సబ్‌మిషన్ ఐ బెగ్ టు స్టేట్ దట్ ఐ యామ్ సఫరింగ్ ఫ్రమ్ ఇంగ్లిష్ టెస్ట్, కైండ్లీ గ్రాంట్ మీ టూ డేస్ లీవ్ అండ్ డు ద నీడ్‌ఫుల్."

నవ్వొద్దు. ఇది మనం నేర్పిందే. మన బళ్లలో లీవ్ లెటరంటే జ్వరం లెటరే. అయిదో తరగతి నుంచీ పిల్లాడి చేత అదే రాయించాం, అదే బట్టీ పట్టించాం. ముప్పయ్యేళ్లొచ్చాక వాడు సెలవడిగితే కలంలోంచి జ్వరం కాక ఇంకేమొస్తుంది? పైగా ఆ ఉత్తరం మొత్తంలో అబద్ధం కానిది ఆ 'సఫరింగ్' ఒక్కటే.

పక్క సీటు మిత్రుడు అంతకంటే సులువు దారి చెప్పాడట: "డెంగ్యూ అని పెట్టెయ్ భాయ్, ఎవడూ ఏమనడు." నిజమే, ఎవరూ ఏమనరు. డెంగ్యూ అంటే 'టేక్ కేర్' అని వెంటనే జవాబొస్తుంది, పక్కన చేతులు జోడించిన బొమ్మ కూడా. పరీక్ష అంటే మాత్రం ప్రశ్నలు మొదలు. రెండు రోజులెందుకు? వారాంతంలో చదవలేవా? నీ పని ఎవరు చేస్తారు? రేపు అందరూ అడిగితే? అబద్ధానికి మంజూరు, నిజానికి విచారణ. తర్వాత ఇదే కంపెనీ నిజాయతీ మీద శిక్షణ తరగతి పెట్టి హాజరు వేయించుకుంటుంది.

నేను సర్కారు కొలువులో అకౌంట్స్ టెస్టు రాసి పైకొచ్చినవాణ్ణి. సర్కారును తిట్టడానికి నాకు వేరే కారణాలు బోలెడున్నాయి కానీ, ఈ ఒక్క విషయంలో దానికి సిగ్గుంది. తప్పనిసరి శాఖాపరమైన పరీక్షకు హాజరైన రోజును డ్యూటీగానే లెక్కేస్తుంది. పరీక్ష అవసరం నీదొక్కడిదే కాదు, నాదీ అని సర్కారు ఒప్పుకోవడమది. ప్రపంచం ఇంకో అడుగు ముందుకేసి 1974లోనే అంతర్జాతీయ కార్మిక సంస్థలో, జీతంతో కూడిన విద్యా సెలవు మీద 140వ నంబరు ఒడంబడిక రాసుకుంది. దాన్ని మన దేశం ఆమోదించలేదు. సరే, ఆ గొప్ప మాటలు పక్కన పెడదాం. మన దుకాణాలు, సంస్థల చట్టం 1988 నాటిది. ఏడాదిలో 240 రోజులు పనిచేసినవాడికి మరుసటి ఏడాది 15 రోజుల జీతపు సెలవు హక్కు అంటుంది. అంటే ఈ అబ్బాయి అడిగేది దానం కాదు. తన ఖాతాలో ఉన్న రెండు రోజుల్ని ఎప్పుడు వాడుకోవాలో అడుగుతున్నాడు, అంతే.

"రెండు రోజుల్లో ఇంగ్లిష్ వస్తుందా?" అని మేనేజరుగారి బ్రహ్మాస్త్రం. రాదు. రెండేళ్లలో మీకూ రాలేదు, 'రివర్ట్ బ్యాక్' అని రాస్తూనే ఉన్నారు. కానీ ప్రశ్న అది కాదు. ఈ పరీక్ష ఏమిటో తెలిస్తే ఆ ప్రశ్న రాదు.

ఇలాంటి కంపెనీల్లో ఎక్కువగా వాడే వెర్సాంట్ తరహా పరీక్ష ఇరవై నిమిషాలు కూడా ఉండదు. ఎదురుగా మనిషి ఉండడు. చెవులకు హెడ్‌ఫోన్, నోటి దగ్గర మైకు, మార్కులు వేసేది యంత్రం. వాక్యం చదవాలి. విన్న వాక్యాన్ని విన్నట్టే తిరిగి చెప్పాలి. చిన్న ప్రశ్నకు ఒకటి రెండు మాటల్లో జవాబివ్వాలి. ముక్కలు ముక్కలుగా, తారుమారుగా వినిపించిన మాటల్ని సరైన వాక్యంగా పేర్చి చెప్పాలి. ఒక బుల్లి కథ విని అరనిమిషంలో మళ్లీ చెప్పాలి. చివర్లో సొంత అభిప్రాయం అడుగుతారు కానీ, దాన్ని యంత్రం లెక్కలోకే తీసుకోదు. మన అభిప్రాయానికి మార్కుల్లేవని ముందే చెప్పే పరీక్ష ఇదొక్కటేనేమో.

మార్కుల్లో వాక్య నిర్మాణానికి 30 శాతం, ధారాళతకు 30, పదసంపదకు 20, ఉచ్చారణకు 20. అబ్బాయి పాత మార్కుల కాగితం తీసి లెక్కేశాం. వాక్య నిర్మాణంలో 52, ధారాళతలో 50, పదసంపదలో 58, ఉచ్చారణలో 58. అన్నీ కలిపితే 53.8, అదే ఆ 54. ఇప్పుడతను మూడు వారాలుగా చేస్తున్నదేమిటి? రాత్రి విరామంలో కష్టమైన మాటల జాబితా బట్టీ పడుతున్నాడు. పదసంపద మూడు మార్కులు పెరిగితే మొత్తంలో పెరిగేది 0.6. దిల్‌సుఖ్‌నగర్‌లో గోడకో బోర్డు పెట్టిన స్పోకెన్ ఇంగ్లిష్ దుకాణాలన్నీ అమ్మేది ఆ జాబితానే. వాక్య నిర్మాణం, ధారాళత చెరో ఎనిమిది పెరిగితే మొత్తం 58.6. కుర్చీ అక్కడుంది.

ఆ ఎనిమిదీ దేనివల్ల పోయాయో కూడా దొరికింది. ఫోన్లో వాక్యాలు వినిపించి అతని జవాబుల్ని రికార్డు చేశాం. వాక్యం ముగిశాక రెండు క్షణాలు ఆగుతున్నాడు. మనసులో తెలుగులో పేర్చుకుని, ఇంగ్లిష్‌లోకి మార్చుకుని, అప్పుడు నోరు తెరుస్తున్నాడు. పొడుగు వాక్యం మధ్యలో ఒక మాట జారితే మొదటికొచ్చి మళ్లీ చెబుతున్నాడు. యంత్రానికి ఆ ఆగడం, ఆ వెనక్కి రావడం రెండూ తడబాటే. మాట జారినా ముందుకే పోవాలి. వాక్యాన్ని మాట మాటగా కాక రెండు మూడు గుత్తులుగా పట్టుకోవాలి. ఇది కొత్త భాష నేర్వడం కాదు, ఒక అలవాటు మాన్పడం. మెలకువగా ఉన్న మనిషి రెండు రోజులు రికార్డు చేసుకుంటూ, వింటూ, మళ్లీ చెబుతూ కూర్చుంటే ఇందులో సగమైనా మానుతుంది. 58 ఖాయమని నేననను. నిద్రలేకపోతే మాత్రం 54 కూడా అనుమానమే.

ఎందుకంటే సెలవివ్వకపోతే జరిగేది ఇది: శుక్రవారం రాత్రంతా కాగితాలు సరిచూసి, నిద్ర కరువై, శనివారం తెల్లవారుజామున అయిదుకు ఇల్లు చేరి, పదికి మైకు ముందు కూర్చోవాలి. చంపాపేటలో పగలు సాధన చేసుకుందామంటే ముహూర్తాల రోజుల్లో ఫంక్షన్ హాళ్లు ఊరుకోవు. బ్యాండు మేళం మోగుతుంటే రికార్డు చేసిన వాక్యంలో ఎవడి గొంతు ఎవడిదో తెలీదు. వాళ్లమ్మ ఇప్పటికే కర్మన్‌ఘాట్ హనుమంతుడికి మొక్కుకుంది. వ్యాకరణం తెలిసిన దేవుడు కాబట్టి కొంత ధైర్యం. కానీ రోస్టర్ ఆయన చేతిలో లేదు.

అందుకని ఆ జ్వరం ఉత్తరం తుడిచేసి కొత్తది రాయించాను. దాని సారం ఇంతే: "సార్, టీమ్ లీడ్ పదవికి కంపెనీ పెట్టిన ఇంగ్లిష్ పరీక్ష నాకు ఈ శనివారం ఉదయం పదికి ఉంది. గురు, శుక్రవారాల షిఫ్టులకు నా జీతపు సెలవుల్లోంచి రెండు రోజులు అడుగుతున్నాను. గురువారం క్లెయిములు బుధవారమే ముగిస్తాను. శుక్రవారం పని చూడటానికి పక్క సీటు మిత్రుడు ఒప్పుకున్నాడు, అతని ఆదివారం షిఫ్టు నేను చేస్తాను. రెండూ కుదరకపోతే శుక్రవారం తప్పనిసరి, ఆ షిఫ్టు పరీక్షకు ఆరున్నర గంటల ముందు ముగుస్తుంది. మంగళవారం సాయంత్రంలోగా చెబితే రోస్టర్ మార్చుకోవచ్చు."

ఇందులో బతిమాలడం లేదు, కష్టపడి చదువుతానన్న హామీ లేదు. పరీక్ష ఎవరు పెట్టారో మొదటి వాక్యంలోనే ఉంది. తర్వాత తేదీలు, ఏ ఖాతా సెలవు, పని ఎవరు చూస్తారు. కాదనాలంటే మేనేజరు ఇప్పుడు కారణం వెతుక్కోవాలి. ఒకటే ఇస్తానంటే ఏ ఒకటో కూడా మనమే చెప్పాం, లేకుంటే గురువారం ఇచ్చి ఉపకారం చేశామంటారు. గడువు పెట్టడం పొగరనిపిస్తుందని అబ్బాయి జంకాడు. గడువు లేని అభ్యర్థనకు మన ఆఫీసుల్లో జవాబు పరీక్షయ్యాక వస్తుంది, 'ఆల్ ద బెస్ట్' అని.

సోమవారం పొద్దున పంపాడు. "విల్ చెక్ అండ్ రివర్ట్" అని జవాబు. మంగళవారం రాత్రి తేల్చారు: శుక్రవారం ఇచ్చారు, అదీ 'పర్సనల్ వర్క్' కింద. గురువారం కావాలంటే జీతం కోత. కంపెనీ పరీక్ష అబ్బాయి సొంత పనట.

మేనేజరుగారూ, మీకొక్క విన్నపం. ఉద్యోగికి మీరే పరీక్ష పెడితే, తేదీ చెప్పిన రోజే ముందు రెండు షిఫ్టులూ అతనికి తీసేయండి, అతను అడిగేదాకా ఆగకండి. అంత ఖర్చు భరించలేమంటారా, అయితే ఆ 58 షరతు ఎత్తేసి కుర్చీ అతనికే ఇవ్వండి. మీ పాత లీడ్ సెలవులో ఉన్న రాత్రుల్లో ఆ పని చేసింది ఎలాగూ అతనే.