బల్లా కుర్చీ లేని హోటల్ పెట్టుకోవడం ఎలా

మాస్టారూ, పాతికేళ్లుగా పెళ్లిళ్లలో గాడిపొయ్యి ముందు నిలబడ్డ మనిషి మీరు. ఐదొందల మంది బంతికి కూర్చున్నా ఉప్పు గురించి ఒక్కరూ నోరెత్తలేదు. అలాంటి మీకు హోటల్ పెట్టుకునే డబ్బు లేదు. రోడ్డు మీద షాపు కావాలంటే అడ్వాన్సు, బల్లలు, ఏసీ, వడ్డించే కుర్రాళ్లు. అవేమీ అక్కర్లేదని ఎవరో చెప్పారు. నిజమే చెప్పారు. క్లౌడ్ కిచెన్ పెట్టుకోండి. పేరు చూసి మబ్బుల్లో ఉంటుందనుకునేరు. నిజాంపేట వెనక గల్లీలో సగం దించిన షట్టరు, రెండు పొయ్యిలు, ఒక ఫ్రిజ్, మేకుకు వేలాడే ఫోను. అంతే.

ముందు కాగితాలు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వాళ్లిచ్చే 14 అంకెల నంబరు లేనిదే ఏ యాప్ తలుపూ తెరుచుకోదు. గ్యాసు మాత్రం ఇంటి నుంచి 14.2 కిలోల సిలిండరు తెచ్చుకోండి. 19 కిలోల కమర్షియల్ సిలిండరు ఖరీదెక్కువ. పట్టుబడేదాకా ఇంటిదే చవక.

మెనూ దోసెతో మొదలుపెట్టండి. పెనం మీంచి తీసినప్పుడు కరకరలాడుతుంది కదా, దాన్ని డబ్బాలో పెట్టి మూత బిగించండి. దాని ఆవిరే దాన్ని తడిపేస్తుంది. గల్లీ దాటేలోపే తడి తువ్వాలు అవుతుంది. తిన్నవాడు మీకు దోసె వెయ్యడం రాదని రాస్తాడు. మీరు ఆ మాట చదువుకుంటారు.

సరే, బిర్యానీయే అందామంటారా? అక్కడ మీ అనుభవాన్ని పూర్తిగా నమ్ముకోండి. పెళ్లిలో హండీ మూత తీసిన నిమిషానికి అన్నం ఆకులో పడుతుంది. ఇక్కడ మీ చేతిలోంచి తినేవాడి నోట్లోకి ముప్పావుగంట. మూతపెట్టిన డబ్బాలో దమ్ము ఇంకా నడుస్తూనే ఉంటుంది. అందుకని బియ్యాన్ని ఓ పలుకు ముందే వంచాలనీ, హండీ దించాక కాసేపు ఆవిరి పోనిచ్చి డబ్బాలకెత్తాలనీ, మూతకు చిన్న చిల్లు పెట్టాలనీ తెలిసినవాళ్లు అంటారు. వాళ్లకేం తెలుసు? వాళ్లు ఐదొందల మందికి వండారా?

తూకం యంత్రం కూడా కొనకండి. మీ చెయ్యే తూకం. ఒక్కో డబ్బాలో, పచ్చి లెక్కన పాతిక గ్రాముల ముక్క ఎక్కువ పడితే పడనివ్వండి. కిలో 240 లెక్కన ఆరు రూపాయలే కదా. ఈ ఆరు రూపాయల్ని కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనిపడుతుంది.

ఇప్పుడు ధర. ఇది అసలు ఘట్టం గనుక తొందరపడకుండా తప్పు చేద్దాం. పక్క గల్లీవాడు చికెన్ బిర్యానీ 280 అని పెట్టాడు, మీరూ 280 పెట్టండి. యాప్ తరఫున ఒక కుర్రాడు ఫోన్ చేస్తాడు. “అంకుల్, కొత్త కిచెన్ కదా, ఆఫర్ పెట్టకపోతే కిందెక్కడో ఉండిపోతారు” అంటాడు. నలభై శాతం తగ్గింపు, 80 రూపాయలకు మించకుండా. ఒప్పుకోండి. ఆ 80 వాళ్లు భరిస్తారనుకుంటున్నారా? ఎంత మంచివారండీ మీరు! అది మీ వాటా. అక్కడికి బిర్యానీ 200 అయింది.

ఆ 200 మీద పాతిక శాతం కమిషన్, అంటే 50. కమిషన్ మీద 18 శాతం జీఎస్టీ, మరో 9. తినేవాడు బిర్యానీ మీద కట్టే ఐదు శాతం వేరు. 2022 జనవరి నుంచి దాన్ని యాప్‌వాళ్లే వసూలు చేసి కడుతున్నారు, దానితో మీకు నిమిత్తం లేదు. కాని ఈ 9 రూపాయలు ఎక్కడా తిరిగి సర్దుబాటు కావు, పోయినట్టే. మీకు 141 మిగిలింది.

ప్రకటన మరిచాం. మీ పేరు పైన కనపడాలంటే ఎవరైనా దాన్ని నొక్కినప్పుడల్లా డబ్బు. నొక్కుడుకు ఆరు రూపాయలు అనుకుందాం. ఐదుగురు నొక్కితే ఒకడు కొంటాడు, మిగతా నలుగురు బొమ్మ చూసి పోతారు. ఆ ఆర్డరు మీద 30 పోయింది. చేతికి 111.

ఇక ఖర్చు. పావుకిలో చికెన్ 60, బాసుమతి 15, నూనె, వేయించిన ఉల్లిపాయ, పెరుగు, మసాలా కలిపి 20, డబ్బా, సాలన్ గిన్నె, రైతా గిన్నె, కవరు 14, గ్యాసు 6. మొత్తం 115.

ఒక్కో బిర్యానీకి నాలుగు రూపాయలు మీరు ఎదురిస్తున్నారు. మీ చేతి తూకం ఆరు కలిపితే పది. ఇంకా అద్దె రాలేదు, గిన్నెలు కడిగే అమ్మాయి జీతం రాలేదు, మీ కూలి ఊసే లేదు. రోజుకు ఎనభై ఆర్డర్లు వస్తే ఇంటికి ఫోన్ చేసి ‘బ్రహ్మాండంగా నడుస్తోంది’ అని చెప్పండి. ఎనిమిది వందల నష్టం నడుస్తోందని వాళ్లకెందుకు?

లెక్కను కింద నుంచి పైకి కట్టేవాళ్లు కొందరున్నారు, వాళ్ల జోలికి పోకండి. ఖర్చు 115, ప్రకటన 30, అద్దెకూ మీకూ కలిపి 40, వెరసి 185 అంటారు. కమిషనూ దాని జీఎస్టీ పోగా నూటికి డెబ్భైన్నర దక్కుతుంది గనుక, ఆ 185 రావాలంటే తగ్గింపు పోయాక 262కి అమ్మాలి. తగ్గింపు 80 కలిపితే మెనూలో 342. పక్కన 280 కనపడుతుంటే 342 ఎవడు కొంటాడని మీరు అడుగుతారు. వాళ్ల దగ్గర దానికీ జవాబు లేదు. అందుకే చాలామంది తగ్గింపును కొంత కోసుకుంటారు, లేదా బిర్యానీ పక్కన కమిషన్ పోయినా మిగిలే డబుల్ కా మీఠా లాంటిదొకటి అంటగడతారు.

డబ్బు వారానికోసారి ఖాతాలో పడుతుంది. చికెన్ కొట్టువాడు మాత్రం పొద్దున్నే చెయ్యి చాపుతాడు. మొదటి వారాలు చేతి డబ్బుతో గడపాలని ఎవరూ చెప్పరు, నేనూ చెప్పను.

మిగతావి చిన్నవి. రైతా గిన్నె పెట్టడం మరిచిపోండి, ఒక్క చుక్క వస్తుంది. కవరు అతికించే ముందు ఫొటో తీసుకునే అలవాటు వద్దు, ‘ముక్కలు తక్కువ’ అని ఎవరైనా అంటే ఆ డబ్బు మీ లెక్కలోంచి కోసేటప్పుడు చూపించడానికేమీ ఉండకూడదు. అయిపోయిన వంటకాన్ని యాప్‌లో ఆపకండి, ఆర్డరు వచ్చాక లేదనండి.

చివరి జాగ్రత్త. షట్టరు ఎప్పుడూ సగానికి మించి ఎత్తకండి. నాకు తెలిసిన ఒక మాస్టారు ఓ ఆదివారం ఉక్కబోసి పూర్తిగా ఎత్తాడు. ఎదురింటి అపార్టుమెంటు వాచ్‌మన్ వాసన పట్టి స్టీలు గిన్నెతో వచ్చాడు.

“అన్నా, నాకో బిర్యానీ ఇస్తవా? యాప్ నాకు రాదు.”

మాస్టారు 180 తీసుకుని గిన్నెలో పెట్టాడు. డబ్బా, కవరు లేవు గనుక ఖర్చు 101. ఆ రోజు యాప్‌లో నలభై రెండు ఆర్డర్లు. రాత్రి లెక్క చూసుకుంటే మిగిలినవి వాచ్‌మన్ గిన్నె మీద వచ్చిన 79 రూపాయలే.