నీరసం ఎన్నింటికి వచ్చింది?

ఆదివారం సాయంత్రం డైరీ ముందేసుకుని "ఈ వారం నా ఓపికంతా ఎక్కడికి పోయింది?" అని ప్రశ్న వేసుకోమనేవాళ్ళ ఇళ్ళలో వంటమనుషులుంటారని నా అనుమానం. మాలాంటి వాళ్ళం ఆ ప్రశ్నకి నిజాయితీగా జవాబు రాస్తే ఒక్క మాటలో అయిపోతుంది: "అన్నింట్లోకీ."

ఇంకాస్త వివరంగా రాద్దామన్నా చిక్కే. ఆదివారం నాటికి మనకు గుర్తుండేది వారం కాదు, వారంలో జరిగిన పెద్ద గొడవా, శనివారమూ. డేనియల్ కానమన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ సంగతి ఎప్పుడో తేల్చాడు. జరిగిపోయినదాన్ని తలుచుకున్నప్పుడు మనం దాని తీవ్రమైన క్షణాన్నీ, చివరి క్షణాన్నీ పట్టుకుని తీర్పు చెప్పేస్తామట. అది ఎంతసేపు సాగిందన్నది పెద్దగా లెక్కలోకి రాదట. శనివారం పెళ్ళిలో ఐస్‌క్రీమ్ అయిపోయిందనుకోండి, డైరీలో వారం మొత్తం కరిగిపోతుంది.

ఆయనే మరి నలుగురితో కలిసి దీనికో ఉపాయం కూడా చెప్పాడు. 2004లో 'సైన్స్' పత్రికలో వచ్చింది. టెక్సాస్‌లో ఉద్యోగాలు చేసే 909 మంది ఆడవాళ్ళని కూర్చోబెట్టి, నిన్నటి రోజుని సీరియల్‌లాగా ఎపిసోడ్లుగా కోయమన్నారు. ఒక్కో ఎపిసోడ్‌కి పేరు పెట్టి, అప్పుడెక్కడున్నారు, ఎవరితో ఉన్నారు, ఎలా అనిపించింది రాయమన్నారు. పొద్దున్నే ఆఫీసుకి పోయే ప్రయాణం జాబితాలో అట్టడుగున తేలింది. పిల్లల్ని చూసుకోవడం టీవీ చూడటం కంటే కింద ఉంది. ఏ తల్లినైనా నేరుగా అడిగితే ఈ మాట చచ్చినా ఒప్పుకోదు. ఎపిసోడ్లుగా అడిగితే ఒప్పేసుకుంది.

కాబట్టి అసలు పని ఆదివారానిది కాదు, రోజూ రాత్రిది. నేను జూనియర్ కాలేజీలో తెలుగు చెబుతాను. బ్యాంకు వాళ్ళిచ్చిన డైరీలో పడుకోబోయే ముందు ఆరేడు పంక్తులు, అంతే. "ఎనిమిదింబావు, బస్సు, కిటికీ సీటు, ప్లస్." "పదకొండు, సెకండియర్ క్లాసు, ప్లస్." "ఏడున్నర, వంటిల్లు, మైనస్." వర్ణనలు వద్దు. తెలుగు లెక్చరర్‌కి ఇది కఠిన శిక్షే గానీ, వర్ణన మొదలైతే నిజం వెనక బెంచీలోకి పోతుంది.

ఇక ఆదివారం ప్రశ్నలు. మొదటిది: ఏ మైనస్ మూడుసార్లకి తక్కువ కాకుండా వచ్చింది? ఒక్కసారి వచ్చింది దురదృష్టం, దాన్ని వదిలెయ్యాలి. రెండోది: దానికి ముందు అరగంటలో ఏం జరిగింది? మూడోది: అదే పని ప్లస్‌గా ఉన్న రోజు ఉందా, ఉంటే ఆ రోజు ఏది తేడా? ఈ మూడోది గట్టి ప్రశ్న. మిగిలిన రెండూ దానికి తలుపు తీసి పెట్టేవే.

నా అనుమానమంతా సెకండియర్ క్లాసు మీద ఉండేది. ఎనభై మంది పిల్లలు, సగం ఊడిన ఫ్యాను, పక్క గదిలో ఫిజిక్స్ మాస్టారి గొంతు. తీరా చూస్తే ఆ క్లాసు చాలావరకు ప్లస్. మైనస్‌లన్నీ గుంపుగా కూర్చున్నది ఏడున్నర వంటింట్లో. సరే, వంటంటే నాకు విసుగన్నమాట అనుకుని సంతకం పెట్టబోయేదాన్నే. మూడో ప్రశ్న అడ్డుపడింది. ఆదివారం మధ్యాహ్నం ఇంతకు రెట్టింపు వంట చేస్తానే, అది ప్లస్ అయిన రోజు ఏది తేడా? ఆదివారం మెనూ మా అత్తయ్య చెప్పేస్తుంది. మామూలు రోజుల్లో ఆ ముందు అరగంట ఇలా ఉంటుంది:

"ఏమండీ, రాత్రికి ఏం కూర?"

"ఏదైనా పర్లేదోయ్."

"అత్తయ్యా, మీకు?"

"నాదేముందమ్మాయ్, పెరుగేసుకుని తినేస్తా."

"ఒరేయ్, నీకు?"

"నీ ఇష్టం అమ్మా."

ఇంతమంది ఇంత ఉదారంగా నాకు అధికారమిచ్చాక నేను బీరకాయ వండుతాను. కంచం ముందు కూర్చోగానే ముగ్గురూ ఒకే గొంతుతో, "మళ్ళీ బీరకాయేనా?"

ఓపిక కారుతున్నది పొయ్యి దగ్గర కాదు, ఆ ప్రశ్న దగ్గర. ఆదివారమే ఏడు రాత్రుల కూరలూ కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాను. తర్వాతి వారాల్లో ఏడున్నర వంటిల్లు ప్లస్ కాలేదు గానీ, మైనస్ కూడా కాలేదు. వంటింటి నుంచి ఇంతకన్నా ఆశించకూడదు.

ఓపికని దోచే రెండో దొంగ ఇంకా తెలివైనది. పని జరిగే రోజున కాక అంతకు ముందే దోచుకుపోతుంది. బస్సు నాకు మామూలుగా ప్లస్సే, కొన్ని రోజులు మాత్రం అదే బస్సు, అదే కిటికీ, మైనస్. ముందు అరగంటలో వెతికితే ఏమీ లేదు. అందుకని నాలుగో ప్రశ్న పుట్టింది: అప్పుడు బుర్రలో ముందుగా రిహార్సల్ అవుతున్న సంభాషణ ఏది? దొరికింది. మా దూరపు చుట్టం ఒకాయన నా దగ్గర డబ్బు తీసుకున్నాడు. "ఇవాళ ఫోన్ చేసి అడగాలి" అనుకున్న రోజల్లా బస్సు మైనస్. ఫోన్ చేసిన రోజు కాదు సుమా, చెయ్యాలనుకుని చెయ్యని రోజులు.

మాసికాంపో, బామైస్టర్ అనే ఇద్దరు 2011లో అచ్చేసిన ప్రయోగాలు ఇక్కడ అక్కరకొచ్చాయి. తెమలని పని మనసుని పీకుతూనే ఉంటుంది గానీ, అది పూర్తి కాకపోయినా ఎప్పుడు, ఎలా చేస్తామో ఖచ్చితంగా రాసుకుంటే ఆ పీకుడు తగ్గుతుందని తేల్చారు. "త్వరలో అడగాలి" అని రాస్తే లాభం లేదు. "శనివారం పదకొండింటికి, ఆయన టిఫిన్ తిన్నాక, ముందు వాళ్ళమ్మాయి చదువు గురించి అడిగి, తర్వాత డబ్బు" అని రాశాను. డబ్బు రాలేదు. బస్సు మాత్రం ప్లస్‌లోకి వచ్చేసింది.

ఈ ప్రశ్నల్లో "ఎందుకు" లేదని గమనించే ఉంటారు. ఎందుకు అని మొదలెడితే పెన్ను నేరుగా పెళ్ళిచూపుల దాకా వెళ్ళి ఆగుతుంది. డైరీ కాస్తా అత్తగారి మీద చార్జిషీటు అవుతుంది. అయిందో లేదో తెలుసుకోవడం తేలికే: వరసగా రెండు ఆదివారాల పేజీలు పక్కపక్కన పెట్టి చూడండి. వాక్యాలు పొడుగై, కొత్త సంగతి ఒక్కటీ చేరకపోతే అది సమీక్ష కాదు, నెమరు. పెన్ను మూసెయ్యాలి.

ఇంకో రకం పేజీ ఉంటుంది. పొద్దున లేచిందగ్గర్నుంచి అన్నీ మైనస్‌లే, సెలవు రోజు కూడా మైనస్సే, వారాలకి వారాలు అలాగే. దాన్నుంచి ఏ కూరల కాగితమూ కాపాడదు. మా స్టాఫ్‌రూమ్‌లో ఒకావిడ అలాంటి పేజీలే చూపిస్తే, డైరీ పక్కన పెట్టి డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నాను. పరీక్ష చేస్తే రక్తం తక్కువుందని తేలింది. ఇప్పుడు ఐరన్ మాత్రలు వేసుకుంటోంది, డైరీ మానేసింది, బాగానే ఉంది.

మా ఇంట్లో మాత్రం డైరీలు రెండయ్యాయి. నా పేజీల్లో తన పేరు ఎన్నిసార్లు వచ్చిందో వెతుక్కుని, అనుకున్నంత రాలేదని కాస్త నొచ్చుకున్న మా ఆయన తనూ మొదలెట్టారు. నిన్న రాత్రి టేబుల్ మీద తెరిచి ఉంటే చూశాను. మొదటి వారంలోనే ఒక మైనస్ మూడుసార్లు దొరికిందట. "ఆరున్నర, ఫ్రిజ్ ముందు, కాగితం చదువుట."