జీతం అదే, సీటు అదే, సారే వేరు

హెచ్చార్ వాళ్ళు ముఖ్యమైన ఉత్తరాలు శుక్రవారం సాయంత్రం ఐదున్నర దాటాకే పంపుతారు. అది చదివి, సందేహం అడుగుదామని ఆ అంతస్తుకి వెళ్ళేసరికి క్యాబులు కదిలిపోయి ఉంటాయి. సెప్టెంబరు ఆఖరి శుక్రవారం నాకొచ్చిందీ అలాంటిదే. సంస్థ పునర్వ్యవస్థీకరణలో భాగంగా అక్టోబరు 1 నుంచి నా రిపోర్టింగ్ మేనేజరు మారుతున్నారట. ఉత్తరం ఒకటిన్నర పేజీ. మారేవాటికి ఒక్క పేరా, మిగతాదంతా మారనివాటికే. హోదా మారదు, గ్రేడు మారదు, సీటీసీ మారదు. పని వేళలు, పనిచేసే చోటు, నోటీసు పీరియడు, సెలవుల నిల్వ, ఉద్యోగంలో చేరిన తేదీ, ఏవీ మారవు. అర్ధరాత్రి ఊరి నుంచి ఫోను చేసి, ముందుగా "ఇక్కడ అందరం బాగానే ఉన్నాం" అన్నట్టుంది. అలా మొదలుపెడితే ఎవరి గుండె నిలుస్తుంది?

ఇంటికెళ్ళి సంగతి చెబితే మా అత్తయ్య టీవీ సౌండు తగ్గించారు. అంటే విషయం సీరియల్ కన్నా పెద్దదే అన్నమాట.

"జీతం ఏమన్నా పెంచారా అమ్మా?"

"లేదత్తయ్యా."

"పోనీ తగ్గించారా?"

"అదీ లేదు."

"మరి అంత పొడుగు ఉత్తరం దేనికీ?" అని సౌండు మళ్ళీ పెంచేశారు.

దేనికో సోమవారం మా ఫైనాన్స్ అన్న చెప్పాడు. అంతస్తుకి ఒకడుంటాడు చూశారూ, పేస్లిప్ మొదలుకొని కరెంటు బిల్లు దాకా అందరి కాగితాలూ చదివిపెట్టేవాడు, అతనే. "మారనివాటిని అంత శ్రద్ధగా రాశారంటే లెక్కుందమ్మా. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో 9ఎ అని ఓ సెక్షన్ ఉండేది. ఆ చట్టం వర్తించేవాళ్ళకి జీతం, పని వేళలు, జీతంతో కూడిన సెలవు, షిఫ్టుల్లాంటివి మార్చాలంటే 21 రోజుల ముందు నోటీసివ్వాలి. ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన కోడ్‌లోనూ ఆ 21 రోజులున్నాయి. ఆ జాబితాలో మేనేజరు లేడు. అందుకే నీ మేనేజర్ని నాలుగు రోజుల్లో మార్చేశారు, మిగతావి ముట్టుకోలేదని ఒకటికి పదిసార్లు రాశారు."

పార్లమెంటు నా పని వేళల గురించి ఆలోచించింది కానీ, నన్ను రోజూ పిలిచి "ఎంతవరకు వచ్చింది?" అని అడిగే మనిషి గురించి ఆలోచించలేదని అలా తెలిసింది.

అన్న అక్కడితో ఆగలేదు. ఉత్తరం పైన, సంతకం కింద కంపెనీ పూర్తి పేరు చూడమన్నాడు. మా గ్రూపులో ఒకే బోర్డు వెనక మూడు కంపెనీలున్నాయి, పేర్ల చివర ఒక మాటే తేడా. ఆ ఒక్క మాట మారి ఉంటే అది మేనేజరు మారడం కాదు, యజమానే మారడం. కాగితం మీద పోల్చుకోలేకపోతే పీఎఫ్ పాస్‌బుక్ చూసుకోవచ్చు. యూఏఎన్ మనతోనే ఉంటుంది, దాని కింద కొత్త మెంబర్ ఐడీ పుట్టిందంటే జీతమిచ్చే చెయ్యి మారినట్టే. అప్పుడు "చేరిన తేదీ మారదు" అన్న వాక్యం బంగారం. గ్రాట్యుటీకి ఐదేళ్ళ సర్వీసు లెక్కించేది ఆ తేదీ నుంచే కదా. నా ఉత్తరంలో పేరు పాతదే. పాస్‌బుక్‌లో ఐడీ కూడా పాతదే అని నవంబరులో చూసుకుని నిమ్మళించాను. అన్న మాత్రం మార్చి దాకా చూస్తూనే ఉండమన్నాడు. అతనికి నిమ్మళం పడదు.

ఇక మారేవాటి పేరా. నాలుగు వాక్యాలు. మొదటిది కొత్త మేనేజరు పేరు. రెండోది, సెలవులు, ఖర్చుల బిల్లులు ఇకపై ఆయన ఆమోదానికి వెళ్తాయి. మూడోది, పాత మేనేజరు ప్రస్తుత ప్రాజెక్టు ముగిసేదాకా డాటెడ్ లైన్‌లో కొనసాగుతారు. అంటే పని చెప్పేది పాతాయన, సెలవిచ్చేది కొత్తాయన. నాలుగోది అప్రైజల్ గురించి, దానికి తర్వాత వస్తాను.

ముందు ఆ రెండో వాక్యం చేసిన పని చెప్పాలి. దసరాకి మూడు రోజుల సెలవు నేను సెప్టెంబరు మధ్యలోనే పెట్టాను. పాత మేనేజరు నోటిమాటగా "వెళ్ళిరామ్మా" అన్నారు, బటన్ మాత్రం నొక్కలేదు. అక్టోబరు 1 తెల్లారేసరికి సిస్టంలో నా పేరు కొత్త సారు చెట్టు కిందికి చేరింది. నా సెలవు అర్జీ చేరలేదు. అది పుట్టిన రోజున ఎవరు మేనేజరో వాళ్ళ ఇన్‌బాక్సులోనే ఉంటుందట. పాత సారుకి నేనిప్పుడు టీములో లేను కనుక ఆమోదించబోతే "మీకు అనుమతి లేదు" అంటోంది. కొత్త సారుకి అసలు కనబడటమే లేదు. పోనీ మళ్ళీ పెడదామంటే ఆ తేదీలకు ఇప్పటికే ఒక అర్జీ ఉంది పొమ్మంటోంది. పాతది వెనక్కి తీసుకోబోతే, దానికీ మేనేజరు ఒప్పుకోవాలట. ఏ మేనేజరు? పాత మేనేజరు.

నేను మధ్యాహ్నం బస్సెక్కాలి. హెల్ప్‌డెస్క్‌కి టికెట్ వేస్తే 48 పని గంటల్లో చూస్తామని జవాబు. పని గంటలట, పండగ గంటలు లెక్కలోకి రావు. చివరికి కొత్త సారుకి మెయిల్ పెట్టి, పాత సారుని కాపీలో ఉంచి, ఇద్దరి చేతా "సరే" అనిపించుకుని వెళ్ళాను. ఆ రెండు "సరే"లే నాకు చివరిదాకా పనికొచ్చాయి, ఎందుకంటే నెలాఖరు జీతంలో మూడు రోజులు కోత పడబోయింది. సిస్టంలో దసరా సెలవు మంజూరైనట్టు మెసేజ్ వచ్చింది, దీపావళి వెళ్ళాక. నా తర్వాత అలాంటి ఉత్తరం అందుకున్న మా టీము పిల్లకి ముందే చెప్పాను: తేదీ మారేలోపు పెండింగ్‌లో ఉన్నవన్నీ, సెలవుగానీ బిల్లుగానీ, మంజూరైనా చేయించుకో, వెనక్కైనా తీసుకో, గాల్లో వదలకు. "అలాగే అక్కా" అంది. వింటుందనే నమ్మకం.

ఇంతకీ ఉత్తరంలో అసలు కిటుకు మారనివాటి జాబితాలోనే ఉంది. దాని చివర ఒక వాక్యం: "ప్రస్తుత పని ఏర్పాట్లు కంపెనీ పాలసీ ప్రకారం యథాతథంగా కొనసాగుతాయి." నాకు మంచి ఏర్పాట్లే ఉన్నాయి. శుక్రవారం ఇంటి నుంచి పని. బుధవారం నాలుగింటికే వెళ్ళిపోయి, మా వాణ్ణి కరాటే నుంచి తెచ్చుకుని, రాత్రి మళ్ళీ లాగిన్. యథాతథం అన్నారు కదాని తర్వాతి బుధవారం నాలుగింటికి బ్యాగు సర్దుతుంటే కొత్త సారు మర్యాదగానే అడిగారు, "ఎక్కడికండీ?" అని.

అప్పుడు పాలసీ తీసి చదివాను. ఏడో పేజీలో ఉంది: ఇలాంటి వెసులుబాట్లు "రిపోర్టింగ్ మేనేజరు విచక్షణ మేరకు". పాలసీ మారలేదు, నిజమే. విచక్షణ అలాగే ఉంది, అది ఉండే తలకాయ మారిందంతే. ఉత్తరంలో ఒక్క అబద్ధం లేదు. ఆ లెక్కన మారనివాటి జాబితా మళ్ళీ చదివితే రెండు రకాలు విడిపోయాయి. జీతం, గ్రేడు, చేరిన తేదీ కాగితం మీద ఉన్నవి, వాటికి ఢోకా లేదు. కరాటే, శుక్రవారం, వచ్చే ఏడు నిన్ను లీడ్ చేస్తానన్న మాట, ఇవన్నీ పాత సారు తలలో ఉన్నవి. ఆయన వాటిని హ్యాండోవర్ నోట్‌లో రాయలేదు. సర్వర్ పాస్‌వర్డులు మాత్రం రాశారు.

కొత్త సారు చెడ్డ మనిషి కాదు. బుధవారం సంగతి మెయిల్‌లో రాసి పంపమన్నారు, పంపితే ఒప్పుకున్నారు. శుక్రవారం సంగతి "చూద్దామండీ" అన్నారు. ఇరవైమూడు మంది టీము ఆయనది, ఒకరికిస్తే ఇరవైమూడు శుక్రవారాలు.

ఆ ఇరవైమూడే నాలుగో వాక్యంలోకి తీసుకెళ్తుంది. "ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు మీ పనితీరుపై అభిప్రాయాన్ని అవసరమైతే పూర్వ మేనేజరు నుంచి తీసుకోవడం జరుగుతుంది." ఆ "అవసరమైతే" ఎవరికి అవసరమైతేనో రాయలేదు. మా అప్రైజల్ ఏప్రిల్ నుంచి మార్చి దాకా. మార్చిలో రేటింగ్ వేసేది ఆ రోజున ఎవరు మేనేజరో వాళ్ళు. మొదటి ఆరు నెలల్లో నేను చేసిన పెద్ద పని ఒకటే: ప్రతి రిలీజుకీ ముందు టెస్టింగుకి మూడు రోజులు పట్టేది, దాన్ని ఒక రోజుకి దించాను. రిలీజు ముందు రోజు రాత్రి ఆఫీసులో బిర్యానీ తెప్పించుకునే ఆచారం నా వల్లే పోయింది, కొందరు ఇప్పటికీ క్షమించలేదు. కొత్త సారుకి ఈ చరిత్ర తెలీదు. ఆయన అక్టోబరులో తన టీముకి కొత్త లక్ష్యాలు దించారు, దాంతో ఫారంలో నా పాత లక్ష్యాలన్నీ "ముగిసినవి" అనే ట్యాబ్ వెనక్కి పోయాయి. పైగా రేటింగుల్లో పై మెట్టుకి కోటా ఉంటుంది. ఇరవైమూడు మంది గురించి వాదించాల్సినాయన కళ్ళతో చూడని పని కోసం గొంతు చించుకుంటారా? ఆయన స్థానంలో నేనున్నా చించుకోను.

కాబట్టి పాత సారు చేత ఆరు నెలల పని మీద నాలుగు ముక్కలు రాయించి, అదే ఫారంలో మధ్యంతర సమీక్షగా ఎక్కించుకోవాలి. ఎక్కాక అది చెరగదు, మార్చిలో రేటింగ్ తెర మీద పక్కనే కనిపిస్తుంది. మెయిల్‌లో ఉంటే మార్చి నాటికి వెతికేవాడుండడు. డాటెడ్ లైన్‌లో ఇంకా ఉన్నారు గనక ఆయనకి ఆ తలుపు డిసెంబరు దాకా తెరిచే ఉంటుందని హెచ్చార్ అమ్మాయి చెప్పింది. అదృష్టం కొద్దీ అది మంగళవారం, ఉదయం పదకొండు, సీట్లో ఉంది.

పాత సారు దగ్గరికెళ్ళాను. "తప్పకుండా అమ్మా, నువ్వే ఒక డ్రాఫ్టు రాసి పంపు, నేను ఎక్కించేస్తా" అన్నారు. మేనేజర్లు మారినా ఈ పద్ధతి ఏ పునర్వ్యవస్థీకరణలోనూ మారదు. రాత్రి కూర్చుని రాశాను. మొగమాటం అడ్డొచ్చింది, అయినా రాశాను. మూడు రోజులు ఒక రోజైంది, ఏ రిలీజు నుంచి, ఎన్ని టెస్టులు, బయటపడ్డ లోపాలు తగ్గాయా పెరిగాయా, అన్నీ అంకెలతో. చివర "అద్భుతం" అని పెట్టి పంపాను. ఆయన దాన్ని "బాగుంది"గా దించి, మిగతాదంతా అక్షరం మార్చకుండా ఎక్కించారు.

మర్నాడు క్యాంటీన్లో టీ గ్లాసుతో నా బల్ల దగ్గరికొచ్చి కుర్చీ లాక్కున్నారు. కాసేపు వాతావరణం గురించి మాట్లాడి, గొంతు తగ్గించి, "నాకూ వచ్చిందమ్మా ఆ ఉత్తరం" అన్నారు. "మా పాత మేనేజర్ని అడిగితే, నువ్వే డ్రాఫ్టు పంపు అన్నారు. నీకు చెయ్యి తిరిగింది కదా, నాదీ కాస్త రాసిపెట్టవూ."

రాశాను. "అద్భుతం" అని పెట్టలేదు. "బాగుంది" అని పెట్టాను.